వెండి సిమెంటా, పంటి రంగుదా, సిరామిక్కా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 33 ఏళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. కింద కుడివైపు పెద్ద దవడ పన్నుకి పెళ్ళికి ముందు వెండి సిమెంట్ పెట్టించుకున్నాను. పోయిన నెల జంతిక కొరికితే ఆ పంటికి నాలుక వైపు అంచు ముక్క ఊడిపోయింది. నొప్పి లేదు కానీ చల్లనీళ్ళు తాగితే ఒక్క క్షణం జివ్వుమంటుంది. చూపించుకుంటే పైన ఎడమవైపు, నవ్వితే కనిపించే పన్నుకి కూడా సందులో చిన్న పుచ్చు ఉందన్నారు. ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు. ఒకరు రెండింటికీ పంటి రంగు కాంపోజిట్ పెడదాం, పంటికి 2,000 అన్నారు. ఇంకొకరు దవడ పన్నుకి సిరామిక్ ఆన్లే వేయించుకోండి, 12,000 అవుతుంది అన్నారు. మూడో ఆయన పెద్ద వయసు డాక్టర్, వెండిదే గట్టిది, 800తో అయిపోతుంది అన్నారు. మా ఆడపడుచేమో అందులో పాదరసం ఉంటుంది, ఎడమవైపు పంటిలో బాగానే ఉన్న వెండి సిమెంట్ కూడా తీయించెయ్ అంటోంది. మేము రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నాం. నేను నిద్రలో పళ్ళు కొరుకుతానని మా వారు అంటారు. నా జీతానికి 12,000 పెద్ద మొత్తమే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ముగ్గురు డాక్టర్లలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు. ఎవరికి బాగా చేతనైన పని వాళ్ళు చెప్పారు. మీ రెండు పళ్ళూ రెండు వేరు వేరు పరిస్థితుల్లో ఉన్నాయి కాబట్టి రెండింటికీ ఒకే జవాబు వెతకడం దగ్గరే చిక్కు వచ్చింది. పంటిలో సొంత గోడలు ఎంత మిగిలాయి, ఫిల్లింగ్ అంచు చిగురుకి ఎంత దగ్గరగా వస్తుంది, పని జరిగేంతసేపూ అక్కడ ఉమ్మి చేరకుండా ఆపగలమా అన్నవి ముందు తేలాలి. ఏ సిమెంట్ అన్నది ఆ తర్వాత దాదాపు దానంతట అదే తేలుతుంది.

పై పన్ను సంగతి సులువు కాబట్టి ముందు అది చెబుతాను. చిన్న పుచ్చు, చుట్టూ గోడలు గట్టిగా ఉన్నాయి, నవ్వితే కనిపిస్తుంది. దానికి కాంపోజిటే సరైనది. వెండి సిమెంట్ పంటికి అంటుకోదు. అది జారిపోకుండా నిలబడాలంటే లోపల వెడల్పు, పైన సన్నం ఉండేలా గుంత చెక్కాలి, కొంత లోతూ కావాలి. అందుకోసం మంచి పన్ను కూడా కొంత పోతుంది. కాంపోజిట్ అంటుకుంటుంది కాబట్టి పుచ్చిన మేరకే తీసి నింపొచ్చు. సిరామిక్ ఇంత చిన్న గుంతకి అనవసరం. సిరామిక్ ముక్కని బయట తయారుచేసి లోపలికి దించాలి కాబట్టి గుంత పైకి విచ్చుకున్నట్టు ఉండాలి, ముక్కకి కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమైనా రావాలి. చిన్న పుచ్చు కోసం అంత పన్ను అరగదీయడం నాకు ఇష్టం ఉండదు.

అయితే కాంపోజిట్ ఎంతకాలం ఉంటుందన్నది పెట్టే చేతి మీద బాగా ఆధారపడుతుంది. అది మెత్తటి రెసిన్‌లో సన్నటి గాజు పొడి కలిపిన ముద్ద. ముందు పంటికి ఫాస్ఫోరిక్ యాసిడ్ జెల్ కొన్ని సెకన్లు పెట్టి కడుగుతారు. దానితో ఎనామిల్ గరుకుగా అవుతుంది. తర్వాత బాండింగ్ ద్రవం పూసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. ఆ పైన కాంపోజిట్‌ని సుమారు రెండు మిల్లీమీటర్ల పొరలుగా వేస్తూ ఒక్కో పొరకీ లైటు పట్టాలి. బల్క్ ఫిల్ అనే రకాలైతే నాలుగు మిల్లీమీటర్ల దాకా ఒకేసారి వేయొచ్చు. గట్టిపడేటప్పుడు ఈ పదార్థం రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. పొరలుగా వేసేది ఆ లాగుడు ఒక్కసారిగా పంటి గోడల మీద పడకుండా ఉండటానికీ, లైటు అడుగు దాకా అందడానికీ. మధ్యలో ఉమ్మి గానీ చిగురు నుంచి రక్తం గానీ తగిలితే ఆ చోట అంటుకోదు. బయటికి చక్కగా కనిపిస్తుంది, అడుగున మాత్రం సన్నటి సందు మిగిలిపోతుంది. కొన్నేళ్ళకి అక్కడే మళ్ళీ పుచ్చు మొదలవుతుంది.

అందుకే ఏ కంపెనీ మెటీరియల్ అని అడిగేకంటే "రబ్బర్ డ్యామ్ వేసి చేస్తారా?" అని అడగండి. పంటి చుట్టూ రబ్బరు షీటు బిగించి ఉమ్మి రాకుండా ఆపే పద్ధతి అది. ఏ కారణంతోనైనా అది కుదరకపోతే పత్తి, సక్షన్ పెట్టి జాగ్రత్తగా చేసేవాళ్ళూ ఉన్నారు. కానీ దవడ పంటికి పది నిమిషాల్లో కాంపోజిట్ పెట్టేశామంటే నాకు అనుమానమే. సందులో ఫిల్లింగ్‌కి అరగంట నుంచి ముప్పావుగంట పట్టడం మామూలు. పని అయ్యాక కుర్చీలోంచి లేచే ముందే ఆ సందులో ఫ్లాస్ వేసి చూపించమనండి. అది కాస్త బిగువుగా టక్కున దిగాలి. వదులుగా జారిపోతే రేపటి నుంచే అక్కడ అన్నం ఇరుక్కుంటుంది. పీచు పీచుగా తెగితే అంచు గరుకుగా ఉన్నట్టు. రెండూ ఆ రోజే సరిచేయించుకోవాల్సినవి.

ఇక పెద్ద డాక్టరు గారు చెప్పిన వెండి సిమెంట్. గట్టితనం విషయంలో ఆయన మాట నిజం. పోర్చుగల్‌లో లిస్బన్ నగరంలో 8 నుంచి 12 ఏళ్ళ పిల్లల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. కొందరికి వెండిది, కొందరికి కాంపోజిట్ పెట్టి ఏడేళ్ళు చూశారు. వెండి ఫిల్లింగుల్లో 94 శాతం పైగా నిలిచాయి, కాంపోజిట్‌లలో 85 శాతం పైచిలుకు. తేడా ఎక్కువగా వచ్చింది విరగడం వల్ల కాదు, అంచుల్లో మళ్ళీ పుచ్చడం వల్ల. తర్వాత 2021లో కొక్రేన్ సంస్థ ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు కూడా దవడ పళ్ళలో కాంపోజిట్ విఫలమయ్యే అవకాశం దాదాపు రెట్టింపని తేలింది. వెండి సిమెంట్ కొంచెం తడినైనా తట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ దాని అంచులో చేరే తుప్పే ఆ సన్నటి సందుని మూసేస్తుంది. మీ పాత ఫిల్లింగ్ ఇన్నేళ్ళు కదలకుండా ఉన్నది అందుకే.

కానీ మీకు ఇప్పుడు కొత్తగా వెండిది పెట్టొద్దనే చెబుతాను. దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, వెండి సిమెంట్ బరువులో సగం పాదరసమే. వెండి, తగరం, రాగి పొడితో కలిసి గట్టిపడ్డాక అది చాలావరకు బందీ అయిపోతుంది. అయినా పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ కొంత ఆవిరి వస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులకీ, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ, కిడ్నీ జబ్బున్నవాళ్ళకీ వీలైనంతవరకు వేరే పదార్థం వాడమని సూచించింది. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి ప్రత్యేక వైద్య అవసరం ఉంటే తప్ప దాన్ని పెట్టడం లేదు. అది పర్యావరణంలోకి పాదరసం చేరకుండా తీసుకున్న నిర్ణయం కూడా. రెండో కారణం మీ పన్నే. ముక్క ఊడిన చోట వెండి సిమెంట్‌ని పట్టి ఉంచే గోడ లేదు. అది నిలవాలంటే మిగిలిన పంటిలో ఇంకా గాట్లు చెక్కాలి, లేదా లోపల చిన్న పిన్నులు దించాలి. ఇప్పటికే బలహీనపడిన పంటికి అది భారమే.

అసలు ముక్క ఎందుకు ఊడిందో కూడా చూడాలి. వెండి సిమెంట్ పంటి గోడల్ని కలిపి పట్టుకోదు, మధ్యలో కూర్చుంటుంది అంతే. నమిలినప్పుడల్లా గోడలు కొద్దికొద్దిగా విచ్చుకుని, ఏళ్ళ తరబడి అడుగున సన్నటి పగులు పాకి, ఒక రోజు గట్టిది తగలగానే ముక్క వస్తుంది. కింది దవడ పళ్ళలో ఇలా ఎక్కువగా పోయేది నాలుక వైపు మొనే. మీకు కొంచెం ఊరట కలిగించే సంగతి కూడా అక్కడే ఉంది. కింది పళ్ళలో నమిలే బరువు ప్రధానంగా బుగ్గ వైపు మొనలు మోస్తాయి, నాలుక వైపువి తక్కువ. కాబట్టి పోయింది నాలుక వైపు ఒక్క మొనే అయి, బుగ్గ వైపు గోడలు మందంగా పగుళ్ళు లేకుండా ఉంటే, కాంపోజిట్‌తో కట్టడం తెలివైన పనే. రెండు మొనలు పోయినా, బుగ్గ వైపు గోడ రెండు మిల్లీమీటర్ల కంటే పలచగా మిగిలినా, ఆన్లే చెప్పిన డాక్టరు గారి వైపే నేనూ ఉంటాను.

ఇది తేలాలంటే మిగిలిన పాత వెండి సిమెంట్ తీసి లోపల చూడాల్సిందే. దానికంటే ముందు కొన్ని పరీక్షలు ఉన్నాయి. ఎక్స్‌రేలో పుచ్చు నరానికి ఎంత దూరంలో ఉందో చూస్తారు. చల్లటి దూదితో తాకినప్పుడు జివ్వుమని రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే నరం బాగుందని అర్థం. తీసేశాక కూడా అర నిమిషం లాగుతూ ఉన్నా, రాత్రి దానంతట అదే నొప్పి వచ్చి నిద్రలేపినా లెక్క మారిపోతుంది. అప్పుడు ముందు రూట్ కెనాల్ సంగతి మాట్లాడాలి. మొనల మీద ఒక్కొక్కటిగా చిన్న ప్లాస్టిక్ పుల్ల పెట్టి కొరికిస్తారు. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే లోపల పగులున్నట్టు అనుమానించాలి. మీరు రాసిన దాన్ని బట్టి నరం బాగానే ఉండొచ్చు, కానీ ఉత్తరం చూసి ఖాయంగా చెప్పే విషయం కాదిది.

ఇప్పుడు దవడ పంటికి మీ ముందున్న దారులు. మొదటిది, 2,000తో కాంపోజిట్. ఒకే సిట్టింగ్‌లో అయిపోతుంది, పన్ను ఇంకా అరగదీయక్కర్లేదు. చిన్న ముక్క పోతే మళ్ళీ అతికించుకోవచ్చు. ఇంత పెద్ద ఫిల్లింగ్ చేతితో కట్టేటప్పుడు కుంచించుకుపోవడం కూడా ఎక్కువే, పక్క పంటితో బిగువైన సందు తీసుకురావడం కష్టం. అంచు చిగురు కిందకి వెళ్ళిపోయి ఉంటే ఎనామిల్ ఉండదు, అంటుకోవడం బలహీనంగా ఉంటుంది. చిన్న కాంపోజిట్ పదేళ్ళ పైన కూడా ఉంటుంది కానీ, మొన పోయిన పంటి మీద పెద్దది ఆరేడేళ్ళు బాగా ఉంటే నేను సంతోషిస్తాను. అంచున సన్నటి గోధుమ రంగు గీత రావడం, మళ్ళీ చల్లదనానికి జివ్వుమనడం, కొత్తగా ఆహారం ఇరుక్కోవడం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి.

రెండోది, సిరామిక్ ఆన్లే. బలహీనపడిన మొనలని ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు తగ్గించి వాటి మీద కప్పుగా వచ్చే ముక్క అది. క్యాప్ అంత పన్ను తీయరు. మొదటి రోజు పన్ను సిద్ధం చేసి కొలత తీసుకుని తాత్కాలిక సిమెంట్ పెడతారు. ల్యాబ్ నుంచి వచ్చాక రెండో సిట్టింగ్‌లో అతికిస్తారు. నోట్లోనే స్కాన్ చేసి అక్కడే మిల్లింగ్ చేసే యంత్రం ఉన్న క్లినిక్‌లో ఒక్క రోజులోనే అవుతుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్ రకం వంగుడికి తట్టుకునే బలంలో కాంపోజిట్ కంటే మూడు రెట్లు దాకా ఉంటుంది. కుంచించుకుపోయే బాధ అతికించే సన్నటి పొరకే పరిమితం. రంగు మారదు, పక్క పంటితో సందు ల్యాబ్‌లోనే సరిగ్గా కుదురుతుంది. పదేళ్ళ తర్వాత చూస్తే పది ఆన్లేల్లో దాదాపు తొమ్మిది నిలిచి ఉంటున్నాయి. పోయేవి ఎక్కువగా విరిగి పోతాయి, విరిగితే అతుకులు వేయడం కష్టం, సాధారణంగా కొత్తది చేయించాల్సి వస్తుంది. ఒకసారి వేయించుకుంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదనే హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

నిద్రలో పళ్ళు కొరకడం ఇక్కడ అడ్డు పడుతుంది. సిరామిక్ గట్టిది కానీ పెళుసు. పగలు అన్నం నమిలే బరువుకీ, నిద్రలో గంటల తరబడి నూరే బరువుకీ పోలిక లేదు. మీరు ఆన్లే వేయించుకుంటే రాత్రి పెట్టుకునే నైట్ గార్డ్ కూడా ఖర్చులో కలుపుకోండి, మరో రెండు మూడు వేలు అవుతుంది. అది పెట్టుకోవడం మీ వల్ల కాదనుకుంటే కాంపోజిట్ వైపే మొగ్గండి. అది త్వరగా అరుగుతుంది కానీ ఎదుటి పన్నుని తక్కువ బాధపెడుతుంది, బాగుచేయడమూ తేలిక.

డబ్బు లెక్క కూడా వేసి చూద్దాం. 2,000 కాంపోజిట్ ఏడేళ్ళు ఉంటే ఏడాదికి 300 లోపే. 12,000 ఆన్లే పన్నెండేళ్ళు ఉంటే ఏడాదికి వెయ్యి. కాగితం మీద కాంపోజిటే చవక. కానీ ప్రతిసారీ పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు గుంత కొంచెం పెద్దదవుతుంది. ఒకటి రెండుసార్లు మార్చాక బుగ్గ వైపు గోడ కూడా పోయి రూట్ కెనాల్, క్యాప్ దాకా వెళితే పది వేలు దాటుతుంది. గోడలు మందంగా ఉన్న పంటికి ఈ భయం తక్కువ, పలచగా ఉన్నదానికి ఎక్కువ. ఆన్లే డబ్బుకి తగిన విలువ ఇచ్చేది ఆ రెండో సందర్భంలోనే.

మూడో దారి కూడా ఉంది. మీ ముగ్గురు డాక్టర్లూ చెప్పలేదు గానీ మీ పరిస్థితికి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. పాత వెండి సిమెంట్ తీసేసి, పుచ్చు శుభ్రం చేసి, ఇప్పుడు కాంపోజిట్‌తో పన్ను మొత్తం కట్టించుకోండి. పలచబడిన మొన ఉంటే దాని మీద కూడా కప్పించండి. ఆరు నెలలు వాడి చూడండి. లోతు గుంతల్లో నరం పని జరిగిన కొన్ని నెలలకి దెబ్బతినడం అరుదేమీ కాదు. ఇవాళే 12,000 పెట్టి ఆన్లే వేయించుకున్నాక నరం పాడైతే ఆ సిరామిక్‌కి రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేయాలి, లేదా తీసేయాలి. ఆరు నెలలు నిశ్శబ్దంగా గడిస్తే, అంచులు బాగుంటే అలాగే కొనసాగించవచ్చు. డబ్బు చేతిలో ఉన్నప్పుడు అదే కాంపోజిట్‌ని పునాదిగా ఉంచి దాని మీద ఆన్లే వేయించుకోవచ్చు. అప్పుడు ఇవాళ పెట్టే 2,000 వృథా పోదు. పని చేయించుకునే ముందే డాక్టరు గారికి ఈ ఆలోచన చెప్పండి. ఇదే పునాదిగా మిగలాలంటే ఆయన రబ్బర్ డ్యామ్, పొరలు, బాండింగ్ విషయంలో ఇంకా శ్రద్ధ పెడతారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలోనూ, విజయవాడ ప్రభుత్వ దంత కళాశాలలోనూ ఫీజు చాలా తక్కువ. ఎక్కువసేపు కూర్చోవాలి, రెండు మూడుసార్లు తిరగాలి. ఖమ్మం నుంచి రెండూ అందుబాటులోనివే కాబట్టి సెలవుల్లో ఆ దారి కూడా ఆలోచించండి.

ఎడమవైపు బాగున్న వెండి సిమెంట్ జోలికి వెళ్ళొద్దు. మీ ఆడపడుచు గారికి మీ మీద ప్రేమ ఉంది, కానీ ఈ మాట వినకండి. లోపల కదలకుండా ఉన్న ఫిల్లింగ్ నుంచి వచ్చే ఆవిరి చాలా తక్కువ. దాన్ని డ్రిల్‌తో తీసేటప్పుడు వచ్చేది అంతకంటే ఎక్కువ, పైగా మంచి పన్ను కూడా కొంత పోతుంది. ఇందాక చెప్పిన లిస్బన్ పిల్లల్లోనూ, అమెరికాలో ఇలాగే జరిగిన మరో పరిశోధనలోనూ వెండి సిమెంట్ ఉన్నవాళ్ళ జ్ఞాపకశక్తిలో, తెలివితేటల్లో తేడా కనబడలేదు. అంచు విరిగితేనో, కింద పుచ్చు కనిపిస్తేనో, అది పట్టి ఉన్న గోడలో పగులు వస్తేనో అప్పుడు తీయించుకోండి.

కుడివైపు విరిగిన పంటిలో మిగిలిన వెండి సిమెంట్ మాత్రం ఎలాగూ తీయాలి కాబట్టి గర్భం రాకముందే చేయించేసుకోండి. రబ్బర్ డ్యామ్ వేసి, నీళ్ళు బాగా వదులుతూ, పెద్ద సక్షన్ పెట్టి, పొడి చేయకుండా ముక్కలుగా కోసి తీయమని అడగండి. అది అసాధారణమైన కోరిక కాదు, జాగ్రత్తగల డాక్టర్లు మామూలుగా చేసేదే. ఎక్స్‌రేలు కూడా ఇప్పుడే తీయించేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు. ఒకవేళ అంతలో గర్భం నిలిస్తే కంగారు పడొద్దు. నొప్పి లేకపోతే గరుకు అంచుని నున్నగా చేయించి, తెరుచుకున్న చోట తాత్కాలికంగా గ్లాస్ అయనోమర్ సిమెంట్ పెట్టించుకుంటే సరిపోతుంది. నొప్పి వస్తే మాత్రం ఏ నెలలోనైనా ఆగకుండా చూపించుకోండి. పాత సిమెంట్ తీయడం ప్రసవం, పాలివ్వడం అయ్యాక పెట్టుకోవచ్చు. పై పంటి చిన్న పుచ్చుకి మాత్రం కాంపోజిట్‌ని నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కూడా చేయించుకోవచ్చు, అందులో పాదరసం ప్రసక్తే లేదు.